ఫిర్యాదు మూశారు, నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి

అద్దె ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఈ వరస బాగా తెలుసు. మధ్యాహ్నం మూడింటికి ఫాల్స్ సీలింగ్ నుంచి చుక్క పడుతుంది. కింద బకెట్ పెట్టి బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్ళకు ఫోన్ చేస్తారు. ఒక కుర్రాడు నిచ్చెన తీసుకొస్తాడు. టైలు జరిపి, ఏసీ డ్రెయిన్ పైపులోకి గాలి కొట్టి, మరక పడ్డ టైలు తీసేసి కొత్తది పెట్టి, "అయిపోయింది సార్" అని వెళ్ళిపోతాడు. వాళ్ళ కంప్యూటర్లో ఆ ఫిర్యాదు ఎదుట 'పరిష్కారమైంది' అని పడుతుంది. పది పన్నెండు రోజులకు అదే చోట మళ్ళీ చుక్క.

మొదటిసారి ఫోన్ చాలు. రెండోసారి వాట్సాప్‌లో ఒక ఫోటో పెడితే చాలు. నాలుగోసారికి మాత్రం ఈమెయిల్ రాయక తప్పదు. చాలామంది తడబడేది అక్కడే. కొందరు పాత ఫిర్యాదునే ఇంకాస్త మర్యాదగా తిరగరాసి "దయచేసి త్వరగా చూడగలరు" అని ముగిస్తారు. అదే కుర్రాడు, అదే నిచ్చెనతో మళ్ళీ వస్తాడు. ఇంకొందరు అన్నాళ్ళ కోపాన్నీ ఒకే మెయిల్లో కుమ్మరిస్తారు. దానికి సంజాయిషీ వస్తుంది, పని మాత్రం జరగదు. మర్యాద తప్పకుండా, పట్టు సడలకుండా రాసే పద్ధతి ఒకటుంది. దాన్ని ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. హైదరాబాద్‌లో ఒక వాణిజ్య సముదాయం, నాలుగో అంతస్తులో ఒక పన్నుల సలహాదారు ఆఫీసు, అందులో ఫైళ్ళ గది అనుకుందాం. ఏసీ బిల్డింగ్ మొత్తానికీ ఒకటే. మేడ మీద చిల్లర్ ఉంటుంది, ఒక్కో గదిలో సీలింగ్ పైన ఫ్యాన్, కాయిల్ ఉన్న చిన్న యూనిట్ ఉంటుంది. వీటి నిర్వహణ ఓనరు తరఫు వాళ్ళదే.

మెయిల్ చదివే మనిషి చేతిలో ఏముంది

ఫెసిలిటీ మేనేజర్ బిల్డింగుకు యజమాని కాడు. ఓనరో, ఓనర్లు పెట్టుకున్న మెయింటెనెన్స్ కంపెనీయో నియమించిన ఉద్యోగి. అతని కింద ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ టెక్నీషియన్, హౌస్‌కీపింగ్ వాళ్ళు ఉంటారు. టైలు మార్చడం, పైపు శుభ్రం చేయించడం లాంటి చిన్న ఖర్చులు అతని చేతిలో ఉంటాయి. పైపు విప్పి మళ్ళీ వేయించాలన్నా, ఇన్సులేషన్ మార్పించాలన్నా కొటేషన్ తీసుకుని ఓనరు దగ్గర అనుమతి తెచ్చుకోవాలి.

ఇంకో సంగతి. చాలా బిల్డింగుల్లో అతని పనితీరును చూసేది ఫిర్యాదును ఎంత త్వరగా మూశాడన్న లెక్కతోనే. మన నాలుగు లీకులూ నెలవారీ రిపోర్టులో నాలుగు వేరు వేరు ఫిర్యాదులుగా, నాలుగూ గడువులోపు మూసినవిగా కనిపిస్తాయి. ఆ రిపోర్టు చూసే ఓనరుకు అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది. అది ఒకే సమస్య అనీ, నాలుగుసార్లు పైపైన సర్దారనీ ఆయనకు ఎవరూ చెప్పరు.

కాబట్టి ఈ మెయిల్ చేయాల్సిన పని పాత ఫిర్యాదులు చేసిన పని కాదు. విడివిడిగా మూసిన నాలుగింటినీ కలిపి, ఇది ఇంకా తెరిచి ఉన్న ఒకే సమస్య అని చూపించాలి. మేనేజర్ ఆ మెయిల్‌ను ఒక్క మాట కూడా మార్చకుండా ఓనరుకో, ఏసీ కాంట్రాక్టరుకో పంపి "ఇదిగో, దీనికి ఖర్చు పెట్టక తప్పదు" అని అడగగలగాలి. ఇక్కడ మర్యాద అవసరమయ్యేది అందుకే. తనను నిర్లక్ష్యపు మనిషి అని తిట్టిన మెయిల్‌ను ఏ ఉద్యోగీ తన పై అధికారికి పంపడు. తన సిబ్బంది వచ్చిన మాటను ఒప్పుకుంటూ, జరిగింది తేదీలతో చెప్పి, ఏం కావాలో స్పష్టంగా అడిగిన మెయిల్ అయితే అతనికే ఆధారంగా పనికొస్తుంది.

ముందు అగ్రిమెంటు తీయండి

రాయడం మొదలుపెట్టే ముందు లీజు అగ్రిమెంటులో మూడు చోట్లు చూడాలి. మొదటిది మరమ్మతుల క్లాజు: ఏవి ఓనరువి, ఏవి అద్దెదారువి. సెంట్రల్ ఏసీ, లిఫ్టు, జనరేటర్, మంచినీళ్ళు, డ్రైనేజీ మామూలుగా ఓనరు వైపు ఉంటాయి. లోపల మనం చేయించుకున్న క్యాబిన్లు, ఫాల్స్ సీలింగ్, వైరింగ్ మన వైపు ఉంటాయి. రెండోది, నెలనెలా చదరపు అడుగు లెక్కన కట్టే మెయింటెనెన్స్ చార్జీల్లో ఏ సేవలు కలిసి ఉన్నాయన్నది. మూడోది నోటీసుల క్లాజు. ఏ చిరునామాకు పంపితే అది నోటీసు కింద లెక్క, ఈమెయిల్ చాలా, రిజిస్టర్డ్ పోస్టు కూడా కావాలా అన్నది అందులో ఉంటుంది. వాట్సాప్‌లో ఎన్ని ఫోటోలు పెట్టినా, ఆ క్లాజు ప్రకారం ఓనరుకు నోటీసు అందనట్టే కావచ్చు.

ఇక్కడ చట్టం గురించి ఒక అపోహ ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోని (ఎఫ్) నిబంధన ప్రకారం, ఓనరు తాను చేయాల్సిన మరమ్మతును నోటీసు అందాక సహేతుకమైన సమయంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు, లేదా వేరే విధంగా రాబట్టుకోవచ్చు. విన్నవాళ్ళు వెంటనే అద్దె ఆపేద్దాం అనుకుంటారు. కానీ ఆ నిబంధనలో కీలకమైన మాట 'తాను చేయాల్సిన' అన్నది. ఆ బాధ్యత ఓనరుదేనని అగ్రిమెంటు చెబుతుండాలి. 108వ సెక్షన్ వర్తించేది కూడా అగ్రిమెంటులో దానికి విరుద్ధంగా ఏమీ రాసుకోనప్పుడే. అద్దెలో ఎలాంటి కోతా ఉండకూడదని రాసి ఉంటే ఈ దారి మూసుకుపోవచ్చు. పైగా మన లీకు మూలం బిల్డింగ్ ఉమ్మడి పైపులో ఉంటే, అది మనం అద్దెకు తీసుకున్న చోటే కాదు. దాన్ని మనం విప్పకూడదు.

అందుకే అద్దె ఆపుతామన్న మాట మెయిల్లో రాయకండి, నిజంగా ఆపనూ వద్దు. అద్దె బకాయి పడిన క్షణం నుంచి మాట మన లీకు మీద నుంచి మన బకాయి మీదికి మళ్ళుతుంది.

మనల్ని మనం నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. ఈమధ్య మనవాళ్ళు ఎవరైనా సీలింగ్ పైన పని చేశారా? కేబుళ్ళు లాగేవాళ్ళో, లైట్లు బిగించేవాళ్ళో డ్రెయిన్ పైపును పక్కకు నెట్టి ఉంటే వాలు పోతుంది, తప్పు మన వైపు వచ్చి పడుతుంది. అది ముందే తెలుసుకుని రాయడం వేరు, మేనేజర్ ఫోటోతో చూపించాక తెలుసుకోవడం వేరు.

కనిపించింది రాయండి, కారణం వాళ్ళను చెప్పనివ్వండి

మెయిల్‌కు బలం ఇచ్చేది పక్కన పెట్టుకున్న చిట్టా. ప్రతి లీకుకూ తేదీ, గమనించిన సమయం, ఫిర్యాదు నంబరు, వచ్చినవాళ్ళు చేసిన పని, మూసిన సమయం ఒక వరసలో రాసుకోవాలి. మరక పడ్డ టైలును మార్చక ముందే ఫోటో తీయాలి. ఆ టైలు మీద గోధుమరంగు వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి కనిపిస్తుంటే, అది ఒకసారి కాదు, పలుమార్లు తడిసి ఆరిందని అర్థం. కొత్త టైలు పెట్టిన మరుక్షణం ఆ సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది.

అంతకంటే ముఖ్యం, నీళ్ళు ఎప్పుడు వస్తున్నాయన్నది. సీలింగ్ లీకుకు సాధారణంగా మూడు మూలాలు ఉంటాయి, మూడూ వేరు వేరుగా ప్రవర్తిస్తాయి. మొదటిది డ్రెయిన్ పైపు మూసుకుపోవడం. ఏసీ కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి కింద ట్రేలో పడుతుంది, ట్రే నుంచి సన్నటి పైపులోంచి బయటికి పోతుంది. పైపు మూసుకుంటే ట్రే నిండి పొర్లుతుంది. ఈ లీకు ఏసీ వేసిన కొన్ని గంటలకు మొదలై, ఆపాక కాసేపటికి ఆగిపోతుంది. రెండోది ఇన్సులేషన్ చిరగడం. చిల్లర్ నుంచి వచ్చే నీళ్ళు సుమారు 7 డిగ్రీల చల్లదనంతో ఉంటాయి. పైపు చుట్టూ ఉన్న నల్లటి తొడుగు చిరిగినా, ఊడినా ఆ చోట తేమ పట్టి చుక్కలు కారతాయి. వానాకాలంలో ఇది ఎక్కువ. అప్పుడు ట్రే పొర్లదు, పైపు మాత్రం తడిగా ఉంటుంది. మూడోది పై అంతస్తు బాత్రూమో, వంటగదో. అది ఏసీ వేశామా లేదా అని చూడదు, ఆదివారం కూడా కారుతుంది.

మన ఉదాహరణలో నాలుగుసార్లూ ఏసీ మొదలైన ఐదారు గంటలకే లీకు మొదలైంది. ఏసీ ఆపిన గంటలో ఆగింది. పైపులోకి గాలి కొట్టిన ప్రతిసారీ 11 నుంచి 13 రోజులు బాగుండి మళ్ళీ వచ్చింది. ఇది డ్రెయిన్ వైపే వేలు చూపిస్తోంది. గాలి కొడితే అడ్డం పడ్డ జిగట పాచి తాత్కాలికంగా కదులుతుంది. పైపుకు తగినంత వాలు లేకపోయినా, రెండు హ్యాంగర్ల మధ్య అది కిందికి జారి ఉన్నా, అక్కడ నీరు నిలిచి మళ్ళీ పాచి పడుతుంది. మీటరు పొడవుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండేలా చూడటం ఈ పనిలో మామూలు లెక్క. అన్ని అంతస్తుల నీళ్ళూ కలిసే ఉమ్మడి నిలువు పైపు మూసుకున్నా ఇదే జరుగుతుంది.

ఇంత తెలిసినా మెయిల్లో "మీ పైపుకు వాలు లేదు" అని తీర్పు ఇవ్వకండి. అది తప్పని తేలితే మొత్తం మెయిల్ విలువ పోతుంది. చూసింది చూసినట్టు రాసి, వాలు, ఉమ్మడి పైపు రెండూ పరీక్షించమని అడిగితే చాలు.

ఇక మెయిల్

హైదరాబాద్ ఆఫీసుల్లో ఇలాంటివి ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. భాష ఏదైనా అమరిక ఇదే. మేనేజర్‌కు పంపుతూ, నోటీసుల క్లాజులో ఉన్న ఓనరు చిరునామాకు కాపీ పెట్టాలి.

> విషయం: 402, నాలుగో అంతస్తు: ఫైళ్ళ గదిలో ఏసీ నీటి లీకు, ఐదు వారాల్లో నాలుగోసారి. శాశ్వత మరమ్మతు కోసం వినతి
>
> మేనేజర్ గారికి, నమస్కారం.
>
> మా ఆఫీసు ఫైళ్ళ గదిలో కిటికీ వైపు ఏసీ యూనిట్ కింద నిన్న, జూలై 15న, మళ్ళీ నీళ్ళు కారాయి. జూన్ 9 నుంచి ఇది నాలుగోసారి. ఫోన్ చేసిన ప్రతిసారీ మీ సిబ్బంది రెండు గంటల్లోపే వచ్చారు, అందుకు కృతజ్ఞతలు. అయితే చేసిన మరమ్మతు రెండు వారాలు కూడా నిలవడం లేదు. అందువల్ల ఈ నాలుగు ఫిర్యాదులనూ ఇంకా పరిష్కారం కాని ఒకే సమస్యగా తీసుకోవలసిందిగా కోరుతున్నాం.
>
> జరిగినవి ఇవి:
> జూన్ 9, మధ్యాహ్నం 3:10. డ్రెయిన్ పైపులోకి గాలి కొట్టారు, ఒక టైలు మార్చారు. అదే రోజు మూశారు.
> జూన్ 20, మధ్యాహ్నం 2:40. మళ్ళీ గాలి కొట్టారు. అదే రోజు మూశారు.
> జూలై 3, మధ్యాహ్నం 3:30. గాలి కొట్టారు, ట్రే తుడిచారు, రెండు టైళ్ళు మార్చారు. మర్నాడు మూశారు.
> జూలై 15, మధ్యాహ్నం 2:50. గాలి కొట్టారు. అదే రోజు మూశారు.
> ఫిర్యాదు నంబర్లు, ఫోటోలు జతచేశాం.
>
> మేము గమనించినది: ఏసీ వేసిన ఐదారు గంటలకు లీకు మొదలవుతోంది, ఆపిన గంటలో ఆగుతోంది. ఆదివారాలు, రాత్రిళ్ళు నీళ్ళు రావడం లేదు. సీలింగ్ పైన మా తరఫున ఈ ఏడాది ఏ పనీ జరగలేదు.
>
> జూలై 3న రెండు పెట్టెల క్లయింట్ ఫైళ్ళు తడిశాయి. లీకు ఉన్న చోటికి నాలుగడుగుల దూరంలో మా యూపీఎస్, నెట్‌వర్క్ ర్యాక్ ఉన్నాయి. నష్టపరిహారం గురించి ఈ మెయిల్లో అడగడం లేదు. అయితే ఆ హక్కును వదులుకోవడం లేదని గమనించగలరు.
>
> మేము కోరేవి మూడు:
> 1. డ్రెయిన్ పైపు వాలు, ఉమ్మడి నిలువు పైపు, ట్రే మూడింటినీ ఏసీ కాంట్రాక్టరుతో పరీక్ష చేయించి, కారణం ఏమిటో జూలై 21 సోమవారం సాయంత్రం 5 గంటలలోపు మెయిల్ ద్వారా తెలియజేయండి.
> 2. శాశ్వత మరమ్మతును జూలై 26 శనివారంలోపు పూర్తి చేయించండి. అంతకంటే ఎక్కువ సమయం పడితే, కారణాన్నీ కచ్చితమైన తేదీనీ ఆ లోపే చెప్పండి.
> 3. పని అయ్యాక మా సమక్షంలో ట్రేలో నీళ్ళు పోసి పరీక్షించి, ఆ తర్వాతే ఫిర్యాదు మూయండి.
>
> మా వైపు నుంచి: జూలై 20 ఆదివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు ఆఫీసు తెరిచి ఉంచుతాం, మా ఉద్యోగి ఒకరు ఉంటారు. ఫైళ్ళ పెట్టెలు తీసి ఆ గదిని ఖాళీగా ఉంచుతాం.
>
> మన అగ్రిమెంటు 9వ క్లాజు ప్రకారం సెంట్రల్ ఏసీ, దాని డ్రెయిన్ పైపుల నిర్వహణ ఓనరు గారి బాధ్యత. మెయింటెనెన్స్ చార్జీలు ఈ నెల వరకు చెల్లించాం. జూలై 26లోపు పని కాకపోతే, లేదా తేదీతో జవాబు రాకపోతే, వేరే ఏసీ ఇంజనీరుతో తనిఖీ చేయించి, ఆ రిపోర్టు జతచేసి అగ్రిమెంటు ప్రకారం ఓనరు గారికి రాతపూర్వక నోటీసు పంపుతాం. అంత దూరం పోకుండా మీ సహకారంతోనే ఇది తేలిపోతుందని ఆశిస్తున్నాం.
>
> ఈ విషయంలో నన్ను ఎప్పుడైనా సంప్రదించవచ్చు.
>
> నమస్కారాలతో,
> ఆఫీస్ మేనేజర్, 402

ఎందుకిలా రాశాం

విషయం లైనులో 'అర్జెంట్' అనే మాట లేదు. మేనేజర్ ఇన్‌బాక్స్‌లో అన్నీ అర్జెంటే. 'ఐదు వారాల్లో నాలుగోసారి' అన్నది మాత్రం ఆయన కంటికి ఆగుతుంది. కాపీ అందుకున్న ఓనరు మెయిల్ తెరవకపోయినా ఆ ఒక్క లైనుతో సంగతి గ్రహిస్తాడు.

కృతజ్ఞత చెప్పింది నిజంగా జరిగిన పనికి. సిబ్బంది వెంటనే వచ్చారు, అది నిజం. వాళ్ళ పని నిలవలేదు, అదీ నిజం. రెండూ పక్కపక్కన ఉంటే చదివేవాడికి నమ్మకం కలుగుతుంది. లేని మంచిని పొగిడితే మాత్రం తర్వాత వచ్చే ఫిర్యాదు బరువు తగ్గుతుంది.

ఈ మెయిల్ మొదటి చిత్తులో "మీ నిర్లక్ష్యం వల్ల", "ఎన్నిసార్లు చెప్పినా", "వెంటనే సరిచేయాలి", "లేకపోతే తీవ్ర పరిణామాలు ఉంటాయి" లాంటివి వస్తాయి. వాటిని మెత్తబరిస్తే సరిపోదు. ప్రతిదాని స్థానంలో ఒక వాస్తవం పెట్టాలి. 'నిర్లక్ష్యం' అంటే ఆయన కాదని వాదించగలడు. 'మరమ్మతు రెండు వారాలు కూడా నిలవడం లేదు' అంటే వాదించడానికి ఏమీ లేదు. 'ఎన్నిసార్లు చెప్పినా' ఉన్న చోట నాలుగు తేదీలు, 'వెంటనే' ఉన్న చోట వారంతో సహా ఒక తేదీ, 'తీవ్ర పరిణామాలు' ఉన్న చోట మనం నిజంగా చేయబోయే ఒకే పని వచ్చాయి. చేయని పనిని బెదిరింపుగా రాస్తే, గడువు దాటిన మర్నాడే ఆ బలహీనత బయటపడుతుంది.

'రిపేరు చేయండి' అని అడిగితే మళ్ళీ గాలి కొట్టి, చేశామంటారు. కారణం రాతలో చెప్పండి అని అడిగితే ఎవరో ఒకరు సీలింగ్ పైకి ఎక్కి నిజంగా చూడాలి. నీళ్ళు పోసి చూపించాకే మూయండి అన్నప్పుడు, ఫిర్యాదు మూసే నిర్ణయం సగం మన చేతికి వస్తుంది. ఆదివారం ఆఫీసు తెరుస్తామన్నది మంచితనం కోసమే రాసింది కాదు. పని ఆలస్యమైనప్పుడు ఎక్కువగా వినిపించే సాకు "మీ ఆఫీసులో చోటివ్వలేదు" అన్నది. ఆ సాకుకు ఇక తావు లేదు.

ఓనరుకు కాపీ పెట్టే ముందు మేనేజర్‌కు ఒకసారి ఫోన్ చేయండి. "సార్, నాలుగోసారి అయింది కదా, ఇవాళ అన్నీ కలిపి మెయిల్ పెడుతున్నాను, అగ్రిమెంటు ప్రకారం ఓనరు గారికి కాపీ వెళుతుంది" అని చెబితే చాలు. తన మీద వెనకనుంచి ఫిర్యాదు వెళ్ళిందన్న భావన ఆయనకు కలగదు. చాలాసార్లు ఆయనే "పెట్టండి, నాకూ అదే కావాలి" అంటాడు.

పంపాక వచ్చే జవాబులు

మూడు రకాల జవాబులకు సిద్ధంగా ఉండాలి. మొదటిది, "పని పూర్తయింది" అన్న ఒక్క లైను. దానికి కృతజ్ఞత చెప్పి, కారణం ఏమని తేలింది, ఏం మార్చారు, నీళ్ళ పరీక్ష ఎప్పుడు పెట్టుకుందాం అని అదే మెయిల్ కింద అడగాలి. కొత్త మెయిల్ మొదలుపెట్టకూడదు. చరిత్ర అంతా ఒకే వరసలో ఉండాలి.

రెండోది ఫోన్. మేనేజర్ ఫోన్ చేసి ఓనరు ఊళ్ళో లేరని, ఇంకో వారం కావాలని అంటాడు. సహేతుకంగా ఉంటే ఒప్పుకోవచ్చు. ఫోన్ పెట్టేశాక మాత్రం రెండు లైన్ల మెయిల్ పెట్టాలి: "ఇప్పుడు మనం మాట్లాడుకున్న ప్రకారం ఆగస్టు 2 శనివారం నాటికి పైపు మార్పిస్తామన్నారు. ఆ రోజు గది ఖాళీగా ఉంచుతాం." నోటిమాట తేదీ అక్కడితో రాతలోకి వస్తుంది.

మూడోది మౌనం. గడువు దాటిన మర్నాడే, అదే మెయిల్ కింద, అదే మర్యాదతో చెప్పిన పని మొదలుపెట్టామని రాయాలి. ఇంజనీరు తనిఖీ ఫలానా రోజు అని తేదీ ఇవ్వాలి. గొంతు పెంచాల్సిన పని లేదు, అన్నది చేశామన్నదే చాలు. ఆ తర్వాత నోటీసు దశలో, అగ్రిమెంటు కాపీ, ఈ మెయిళ్ళు పట్టుకుని న్యాయవాదిని కలవాలి.

ఈ మెయిళ్ళకు చట్టపరంగా విలువ ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రాతకు గుర్తింపు ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్, కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు ప్రింటు పెట్టాలంటే దానితోపాటు సర్టిఫికెట్ ఉండాలంటుంది. అందుకని స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా, అసలు మెయిళ్ళను, అసలు ఫోటోలను ఆఫీసు ఖాతాలో చెరపకుండా ఉంచాలి. ఒక ఉద్యోగి సొంత ఫోన్లో మాత్రమే ఉంటే, అతను ఉద్యోగం మానేసిన రోజున ఆధారం కూడా వెళ్ళిపోతుంది.

పని జరిగాక రాయాల్సిన మెయిల్

మన ఉదాహరణలో ఆదివారం ఏసీ కాంట్రాక్టరు సీలింగ్ పైకెక్కి చూస్తే, రెండు హ్యాంగర్ల మధ్య పైపు వంగి కనిపించింది అనుకుందాం. పైపును సరిచేసి, మధ్యలో ఇంకో హ్యాంగర్ బిగించారు. ట్రేలో ఒక లీటరు నీళ్ళు పోస్తే ఆగకుండా జారిపోయాయి. ఇక్కడితో ఊరుకోవద్దు. పాత మరమ్మతు ప్రతిసారీ 11 నుంచి 13 రోజులు నిలిచింది కాబట్టి, మూడో రోజున పొడిగా ఉందంటే దానికి అర్థం లేదు. నెల రోజులు గమనించి, అప్పుడు ఒక మెయిల్ పెట్టాలి: కారణం ఇది, చేసిన పని ఇది, నెల రోజులుగా లీకు లేదు, శ్రద్ధ తీసుకున్నందుకు కృతజ్ఞతలు. కాపీ ఓనరుకూ వెళ్ళాలి. ఖర్చు పెట్టింది ఆయన, పెట్టించింది మేనేజర్. ఆ ఖర్చు పనికొచ్చిందని ఆయనకు తెలిస్తే, రేపు లిఫ్టు గురించో జనరేటర్ గురించో మేనేజర్ అడిగినప్పుడు ఒప్పించడం తేలికవుతుంది.

ఈ వరస మొత్తాన్నీ అగ్రిమెంటుతో కలిపి ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఆఫీసు ఖాళీ చేసే రోజున సీలింగ్ మరకలకూ, ఉబ్బిపోయిన ఫ్లోరింగుకూ డిపాజిట్ నుంచి కోత పెడతామనడం చాలాచోట్ల జరిగేదే. ఆ మరకలు ఎక్కడి నీళ్ళవో, ఎవరి బాధ్యతో, ఏ తేదీన చెప్పామో, ఏ తేదీన సరిచేశారో ఆ ఫైల్లో ఉంటుంది. డిపాజిట్ లెక్క తేల్చేటప్పుడు దాన్ని బల్ల మీద పెట్టండి.